ల్యాబ్‌లో నారింజ రంగు ద్రవం ఉన్న క్యాను: డైక్రోమేట్ వ్యర్థాన్ని ఏం చేయాలి?

బెంజ్‌సర్కిల్_కెమిస్ట్రీ (విజయవాడ) — సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నేను విజయవాడలో ప్లస్ టూ వరకు ఉన్న ఒక పాఠశాలలో రసాయనశాస్త్రం బోధిస్తున్నాను. ఈ జూన్‌లోనే ప్రయోగశాల బాధ్యత నా చేతికి వచ్చింది. సింకు కింది అరలో 5 లీటర్ల తెల్ల ప్లాస్టిక్ క్యాను ఒకటి కనిపించింది. దాని మీద "వేస్ట్ - ముట్టవద్దు" అని మాత్రమే రాసి ఉంది. తేదీ గానీ, లోపల ఏముందన్న వివరం గానీ, పోసినవారి పేరు గానీ లేవు. లోపల మూడున్నర లీటర్ల దాకా నారింజ రంగు ద్రవం, అడుగున వేలెడు మందాన పసుప్పచ్చని మడ్డి ఉన్నాయి. పాత రికార్డులు తిరగేసి, ల్యాబ్ అటెండర్‌ను అడిగితే తేలిందేమిటంటే, రెండేళ్లుగా సాల్ట్ అనాలసిస్‌లో క్రోమైల్ క్లోరైడ్ పరీక్ష చేసిన తరువాత పరీక్షనాళికల్లో మిగిలినదంతా అందులోనే పోశారట, గాజు సామాను కడగడానికి వాడిన క్రోమిక్ ఆమ్లం కడుగునీళ్లు కూడా అందులోకే వెళ్లాయట. ఆల్కహాలు, అసిటోన్ వంటివి పోయలేదని అటెండర్ గట్టిగా చెబుతున్నాడు.

మా సింకు గొట్టం మురుగుకాలువలోకి వెళ్లదు. రెండేళ్ల క్రితం ఆవరణలో ఇంకుడు గుంత తవ్వినప్పుడు దానినీ అందులోకే కలిపేశారు. మా బోరు అక్కడికి నలభై అడుగుల దూరంలో ఉంది. అందుకే పారబోయడానికి చేయి ఆడడం లేదు. ఈ క్యానును ఏం చేయమంటారు?

విశ్రాంత_మాస్టారు (తెనాలి) — సోమవారం, రాత్రి 9:50

అమ్మా, ముప్పై ఏళ్లు ఈ పనే చేశాను, కంగారు పడవలసిందేమీ లేదు. అందులో ఉన్నది ఆమ్లమే కనుక వాషింగ్ సోడా కొంచెం కొంచెంగా వేస్తూ పొంగు ఆగేదాకా కలపండి. నారింజ రంగు పోయి లేత పసుపు రంగు వస్తుంది, అంటే విరిగిపోయినట్లే. ఆ తరువాత పది బకెట్ల నీళ్లు కలిపి వదిలేయవచ్చు. మేము ఎప్పుడూ ఇలాగే చేసేవాళ్లం.

ఆటోనగర్_ప్లేటింగ్ (విజయవాడ) — సోమవారం, రాత్రి 11:05

మాస్టారి మాట మీద గౌరవం ఉంచుకుంటూనే ఒక విషయం చెప్పాలి. నేను ఆటోనగర్‌లో క్రోమ్ ప్లేటింగ్ చేసే చిన్న యూనిట్‌లో కడుగునీటి శుద్ధి చూసుకుంటూ పదకొండేళ్లు గడిపాను. నారింజ నుంచి పసుపుకు మారడాన్ని విషం విరగడం అనుకోవడం మా యూనిట్‌లో కొత్తగా చేరినవారందరూ చేసే పొరపాటే. ఆమ్లంలో డైక్రోమేటుగా ఉన్నది క్షారం తగలగానే క్రోమేటుగా మారుతుంది. రంగు మారినా క్రోమియం మాత్రం ఆరు వేలెన్సీలోనే ఉంటుంది. కావాలంటే ఆ పసుపు నీళ్లలో రెండు చుక్కల సల్ఫ్యూరిక్ ఆమ్లం వేసి చూడండి, నారింజ రంగు తిరిగి వచ్చేస్తుంది. దీనిని మనమే పిల్లలకు సమతాస్థితి పాఠంలో చూపిస్తాం.

ఇంకో సంగతి ఏమిటంటే, క్రోమేటు సున్నంతోనూ సోడాతోనూ అడుగుకు దిగదు, నీళ్లతో పాటే పోతుంది. మట్టి కూడా దానిని అంతగా పట్టి ఉంచదు. ఇంకుడు గుంతలోకి వెళ్లిన క్రోమేటు బోరు వైపు నడవకుండా ఆపగలిగినది మధ్యలో పెద్దగా ఏమీ ఉండదు. కాబట్టి మేడమ్, ఈ క్యాను సంగతి తరువాత చూద్దాం, ముందు ఆ సింకు గొట్టాన్ని గుంత నుంచి విడదీయించండి.

ఆరు వేలెన్సీ క్రోమియాన్ని మూడు వేలెన్సీకి దించినప్పుడే అది హైడ్రాక్సైడుగా అడుగున కూర్చుంటుంది. మాస్టారు చెప్పిన సోడా పని ఉంది, కానీ అది రెండో మెట్టు. మొదటి మెట్టు వదిలేసి రెండోదాని మీద కాలు పెడితే ఫలితం ఉండదు.

విశ్రాంత_మాస్టారు (తెనాలి) — మంగళవారం, ఉదయం 6:20

ఆమ్లం వేస్తే నారింజ రంగు తిరిగి వస్తుందన్న మాట నిజమే, పాఠంగా చెప్పిన వాడినే, పనిలో మరచిపోయాను. అయినా ఒక బడిలో ఏడాదికి పడేది పది, పదిహేను గ్రాములు. దానికి ఇంత హడావుడి అవసరమా అన్నది నాకు ఇప్పటికీ సందేహమే.

బ్రాడీపేట_ల్యాబ్ (గుంటూరు) — మంగళవారం, ఉదయం 8:40

నేను గుంటూరులో ఒక జూనియర్ కళాశాలలో ల్యాబ్ అసిస్టెంటును. మా దగ్గర గోధుమ రంగు సీసాలో టోలెన్స్ కారకం మిగులు ఉంది, మార్చిలో ప్రాక్టికల్ పరీక్షలప్పుడు చేసింది. లోపలి గోడలకు నల్లగా, అక్కడక్కడ అద్దంలా పట్టుకుంది. దానిని కూడా ఇలాంటి క్యానులోనే పోసి కలిపి శుద్ధి చేయవచ్చా?

ఆటోనగర్_ప్లేటింగ్ (విజయవాడ) — మంగళవారం, ఉదయం 9:02

అన్నా, ఆ సీసాను దయచేసి కదపవద్దు, మూత తిప్పవద్దు, కడగవద్దు. అమ్మోనియా కలిసిన వెండి ద్రావణం నిలవ ఉంటే తాకిడికే పేలే నల్లటి పదార్థం ఏర్పడుతుంది, ఆరిపోయిన పొర అయితే మరీ ప్రమాదం. టోలెన్స్ కారకాన్ని ఏ రోజుకు ఆ రోజు కావలసినంతే చేసుకుని, పని అయిపోగానే సజల నైట్రిక్ ఆమ్లంతో ఆమ్లపరచి, ఉప్పు నీళ్లు పోసి సిల్వర్ క్లోరైడుగా దించాలి. మార్చి నాటి సీసాకు ఈ పద్ధతి పనికిరాదు. గదికి తాళం వేయించి, ప్రిన్సిపాల్ గారి ద్వారా అగ్నిమాపక శాఖకు సమాచారం ఇప్పించండి. ఇది వేరే అంశం కనుక వేరే చర్చ తెరవండి, అక్కడ మాట్లాడుకుందాం.

బ్రాడీపేట_ల్యాబ్ (గుంటూరు) — మంగళవారం, ఉదయం 9:10

గదికి తాళం వేశాను సార్. వేరే చర్చ తెరుస్తున్నాను.

బెంజ్‌సర్కిల్_కెమిస్ట్రీ (విజయవాడ) — మంగళవారం, సాయంత్రం 5:30

గొట్టం విడదీయడానికి ప్లంబరు రేపు వస్తున్నాడు. సార్, మొదటి మెట్టుకు పుస్తకాల్లో సోడియం మెటాబైసల్ఫైట్ అని ఉంది. మా ల్యాబ్‌లో అది లేదు, మోహర్ లవణం మాత్రం దండిగా ఉంది. దానితో చేయవచ్చా?

ఆటోనగర్_ప్లేటింగ్ (విజయవాడ) — మంగళవారం, రాత్రి 10:15

ఆ రెండింటితోనూ, అన్నభేదితోనూ చేయవచ్చు, కానీ ఇబ్బందులు వేరు. మెటాబైసల్ఫైట్ అయితే డైక్రోమేట్ ఎంత బరువు ఉందో దాదాపు అంతే సరిపోతుంది, మడ్డి కూడా తక్కువ. కానీ ఆమ్లంలో వేయగానే సల్ఫర్ డయాక్సైడ్ లేస్తుంది, ఫ్యూమ్ హుడ్ లేని బడిలో ఆ ఘాటుకు నిలబడలేరు. మోహర్ లవణం అయితే గ్రాము డైక్రోమేటుకు ఎనిమిది గ్రాములు కావాలి, పైగా తరువాత సున్నం వేసినప్పుడు అందులోని అమ్మోనియా వాసన ముక్కు బద్దలుకొడుతుంది. నా సలహా అన్నభేది. ఎరువుల దుకాణంలో అడిగితే ఇస్తారు. నారుమడిలో ఇనుము లోపానికి నిమ్మ ఉప్పుతో కలిపి చల్లేది అదే. గ్రాము డైక్రోమేటుకు అయిదున్నర, ఆరు గ్రాముల మధ్య పడుతుంది. మడ్డి ఎక్కువ వస్తుంది, అది భరించాలి.

కానీ మీ క్యానులో డైక్రోమేట్ ఎంత ఉందో మీకు తెలియదు కనుక లెక్కతో కాకుండా నమూనాతో మొదలుపెట్టండి. పైన తేటగా ఉన్న నారింజ ద్రవాన్ని మాత్రమే మెల్లగా వేరే క్యానులోకి వంచుకోండి. అడుగున ఉన్న పసుపు మడ్డి బహుశా లెడ్ క్రోమేట్, ఎందుకంటే ఆ పరీక్ష చివర లెడ్ అసిటేట్ వేస్తారు. అన్నభేది దాని మీద సరిగా పనిచేయదు, పైగా సీసం కూడా ఉంది కనుక దానిని కొద్ది నీళ్లతో సహా ప్రత్యేకమైన సీసాలో, ప్రత్యేకమైన లేబులుతో ఉంచేయండి.

తరువాత 10 గ్రాముల అన్నభేదిని 100 మిల్లీలీటర్ల నీటిలో నాలుగు చుక్కల సల్ఫ్యూరిక్ ఆమ్లం వేసి కరిగించండి. నారింజ ద్రవం 50 మిల్లీలీటర్లు బీకరులో తీసుకుని, పీహెచ్ కాగితంతో 2 దగ్గర ఉందో లేదో చూసుకుని, ఈ ద్రావణాన్ని బ్యూరెట్‌తో వదలండి. రంగును నమ్మవద్దు. క్రోమియం ఆకుపచ్చ, ఇనుము పసుపు కలిసి ఒకరకమైన బురద పచ్చగా ఉంటుంది, ఎక్కడ ముగిసిందో కంటికి తెలియదు. మీ ల్యాబ్‌లో పొటాషియం ఫెర్రిసయనైడ్ ఉంటుంది కదా. తెల్ల పింగాణీ పలక మీద దాని చుక్కలు వరసగా పెట్టుకుని, గాజుకడ్డీతో బీకరులోది ఒక్కొక్క చుక్క తాకించండి. డైక్రోమేట్ మిగిలినంతసేపు గోధుమ రంగే వస్తుంది. అన్నభేది మిగులు పడిన క్షణాన ముదురు నీలం వస్తుంది. అక్కడ బ్యూరెట్ చదవండి. స్టార్చ్-అయొడైడ్ కాగితం వాడవద్దు, ఇక్కడ ఏర్పడిన ఫెర్రిక్ ఇనుము కూడా దానిని నీలం చేసి మోసం చేస్తుంది. పలక మీది చుక్కలను బీకరులో తిరిగి కడగవద్దు.

గవర్నర్‌పేట_నిబంధనలు (విజయవాడ) — బుధవారం, ఉదయం 10:25

శుద్ధి చేయడం సరే, లేబుల్, నిల్వ మాట ఎవరూ ఎత్తలేదు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం ఇటువంటి వ్యర్థాన్ని 90 రోజులకు మించి దాచకూడదు. ఏడాదికి పది టన్నులలోపు పుట్టించే చిన్నవారికి 180 రోజుల వరకు వెసులుబాటు ఉంది. క్యాను మీద 8వ ఫారం లేబుల్ ఉండాలి. మెరిసే పసుపు నేపథ్యం మీద "ప్రమాదకర వ్యర్థం", "జాగ్రత్తగా పట్టుకోండి" అన్న మాటలు ఎర్రగా, ఇంగ్లీషు, హిందీ, తెలుగు మూడింటిలోనూ ఉండాలి, నీళ్లకు చెరగకూడదు. మేడమ్ గారి క్యాను రెండేళ్లదని వారే రాశారు. అంటే ఇప్పటికే ఉల్లంఘన జరిగింది కదా.

కోశాధికారి_సత్తెనపల్లిరోడ్డు (గుంటూరు) — బుధవారం, మధ్యాహ్నం 1:15

నేను ఒక చిన్న విద్యాసంస్థ లెక్కలు చూస్తాను. మాకు ఆసుపత్రి వ్యర్థాలు తీసుకువెళ్లే వాహనం పక్క నర్సింగ్ హోముకు రోజూ వస్తుంది. క్యానుకు ఒక పసుపు సంచి తొడిగి వారికే ఇచ్చేస్తే సరిపోదా? ఇంత కెమిస్ట్రీ ఎందుకు?

గవర్నర్‌పేట_నిబంధనలు (విజయవాడ) — బుధవారం, మధ్యాహ్నం 1:40

సరిపోదండి. పసుపు సంచి వెళ్లేది ఎక్కువగా దహన యంత్రంలోకి. కాల్చితే క్రోమియం మాయం కాదు, బూడిదలోనూ పొగలోనూ ఉంటుంది. దీనిని తీసుకోవలసింది ప్రమాదకర వ్యర్థాలను పూడ్చే కేంద్రం. మన రాష్ట్రంలో అటువంటిది విశాఖ దగ్గర పరవాడలో ఉంది.

ఆటోనగర్_ప్లేటింగ్ (విజయవాడ) — బుధవారం, రాత్రి 9:30

ఆ 8వ ఫారం యూనిట్లకు రాసింది. బడికి అనుమతి పత్రం అవసరమా అన్నది కాలుష్య నియంత్రణ మండలి వారే చెప్పాలి, కానీ లేబుల్‌లో ఏముండాలో మాత్రం అది బాగానే నేర్పుతుంది. మేడమ్, మీ క్యాను మీద "ముట్టవద్దు" అని రాసినవారికి అందులో ఏముందో తెలుసు. తెలిసిన మనిషి బదిలీ అయిపోయాడు, భయం మాత్రం మిగిలింది. నేను అయితే ఇలా రాయిస్తాను:

```
ప్రమాదకర వ్యర్థం - జాగ్రత్తగా పట్టుకోండి
లోపల: K2Cr2O7 + సజల H2SO4 (సాల్ట్ అనాలసిస్ మిగులు)
కలపకూడనివి: ఆల్కహాలు, అసిటోన్, లెడ్ లవణాలు, సోడా
మొదలుపెట్టిన తేదీ:        చివరిగా పోసిన తేదీ:
ఇప్పటి మట్టం (లీ.):        పోసినవారి సంతకం:
```

"కలపకూడనివి" అన్న వరసే అన్నింటికంటే ఎక్కువ పని చేస్తుంది. ఆమ్లంలో ఉన్న డైక్రోమేటులో స్పిరిట్ పోస్తే వేడెక్కి పొంగుతుంది. మూత బిగించి ఉంటే చెప్పక్కరలేదు. సోడా వేసి మూత బిగించినా అంతే, కార్బన్ డయాక్సైడుకు క్యాను ఉబ్బి, ఒకసారి మా యూనిట్‌లో మూత పైకప్పుకు తగిలింది. క్యానును ముప్పావు వంతు దాకానే నింపండి. కింద ప్లాస్టిక్ టబ్ పెట్టండి, కారితే అందులోనే ఆగుతుంది. ఎండ పడే కిటికీ కింద ఉంచవద్దు. కూల్‌డ్రింక్ సీసాల్లో మాత్రం చచ్చినా పోయవద్దు, నారింజ రంగు చూసి దాహం వేసినవాడు ఏమనుకుంటాడో నేను చెప్పనక్కరలేదు.

బెంజ్‌సర్కిల్_కెమిస్ట్రీ (విజయవాడ) — శనివారం, సాయంత్రం 6:45

నమూనా చేశాను, ఒక తప్పు కూడా చేశాను. మొదట మా అలమరలో ఏళ్ల తరబడి ఉన్న అన్నభేదితో చేస్తే 50 మిల్లీలీటర్లకు 23 మిల్లీలీటర్లు పట్టింది, పైగా నీలం వచ్చీ రానట్లుగా ఉంది. తీరా చూస్తే ఆ గడ్డలు లేత ఆకుపచ్చగా కాక, తుప్పు రంగు పొడి కప్పుకుని ఉన్నాయి. నిన్న వన్‌టౌన్‌లో ఎరువుల దుకాణం నుంచి కొత్తది తెచ్చి మళ్లీ చేస్తే, మూడుసార్లూ 15 మిల్లీలీటర్ల దగ్గరే ముదురు నీలం వచ్చింది.

అంటే 50 మిల్లీలీటర్లకు 1.5 గ్రాములు. మడ్డిని వేరుచేశాక నా దగ్గర ఉన్నది 3 లీటర్లు, అంటే అటువంటి నమూనాలు 60, మొత్తం 90 గ్రాములు. మీరు చెప్పిన నిష్పత్తితో చూస్తే క్యానులో డైక్రోమేట్ 16 గ్రాములు. రెండేళ్లది కనుక ఏడాదికి 8 గ్రాములు, మాస్టారు అన్న అంకె కంటే తక్కువే. కొంచెం మిగులుకు 100 గ్రాములు తీసుకోవాలనుకుంటున్నాను. సరేనా? తరువాత సున్నమా, సోడానా?

ఆటోనగర్_ప్లేటింగ్ (విజయవాడ) — శనివారం, రాత్రి 8:20

తుప్పు పట్టిన భాగం అప్పటికే ఫెర్రిక్ అయిపోయింది, దానికి దించే శక్తి లేదు, అందుకే ఎక్కువ పట్టింది. 100 గ్రాములు సరైన లెక్క. 15 లీటర్ల ప్లాస్టిక్ బకెట్‌లో, కిటికీలు తెరిచి, కళ్లద్దాలు, నైట్రైల్ చేతితొడుగులు వేసుకుని చేయండి. అన్నభేది నీళ్లు కొంచెం కొంచెంగా పోసి, కలిపి, పావుగంట ఆగి ఫెర్రిసయనైడ్ చుక్కతో నీలం చూసుకున్నాకనే క్షారం మొదలుపెట్టండి.

క్షారానికి సున్నపు తేట కాదు, సున్నం పాలు. చెంచా చెంచాగా, పీహెచ్ 8, 8.5 మధ్య ఆపండి. కాస్టిక్ సోడా వద్దు, చేయి జారి ఎక్కువ పడితే క్రోమియం హైడ్రాక్సైడ్ మళ్లీ కరిగి ఆకుపచ్చ నీళ్లవుతుంది. రాత్రంతా కదపకుండా వదిలేయండి. తెల్లవారి పైన తేట నీరు రంగు లేకుండా ఉండాలి. పసుపుగా ఉంటే మొదటి మెట్టు పూర్తి కాలేదని అర్థం; మళ్లీ ఆమ్లపరచి అన్నభేది పోయాల్సిందే.

ఇంకొక్క మాట, అటెండర్‌కు గట్టిగా చెప్పండి. ఆ బకెట్ దగ్గర బ్లీచింగ్ పౌడర్ చల్లకూడదు. క్షారంలో ఉన్న మూడు వేలెన్సీ క్రోమియాన్ని అది తిరిగి క్రోమేటుగా లేపుతుంది.

బెంజ్‌సర్కిల్_కెమిస్ట్రీ (విజయవాడ) — సోమవారం, రాత్రి 9:00

నిన్న చేశాను. ఉదయానికి అడుగున గోధుమ, ఆకుపచ్చ కలిసిన ముద్ద, పైన గాజులాంటి నీరు. రెండు పొరల మందపాటి నూలు గుడ్డలో వడకట్టాను. ముద్దను ప్లాస్టిక్ పళ్లెంలో నీడన ఆరబెడుతున్నాను, దాని సీసాకు, సీసం మడ్డి సీసాకు వేర్వేరు లేబుళ్లు అంటించి తాళం వేసే అరలో పెట్టబోతున్నాను. నాకు తేలని సంగతి ఒక్కటే: ఈ తేట నీటిని ఏం చేయాలి? రంగు లేదు కదా అని పారబోయవచ్చా?

గవర్నర్‌పేట_నిబంధనలు (విజయవాడ) — సోమవారం, రాత్రి 9:35

కాలువల్లోకి, చెరువుల్లోకి వదిలే నీటిలో ఆరు వేలెన్సీ క్రోమియం లీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదు, ప్రజా మురుగునీటి గొట్టంలోకి అయితే 2 మిల్లీగ్రాములు. 0.1 మిల్లీగ్రామును కన్ను పట్టలేదు. నీటి పరీక్ష చేయించకుండా వదలవద్దు.

విశ్రాంత_మాస్టారు (తెనాలి) — సోమవారం, రాత్రి 10:02

నాలుగైదు లీటర్ల నీటికి పరీక్ష రుసుము కట్టడం కంటే వెడల్పాటి ట్రేలలో డాబా మీద ఎండబెట్టి, మిగిలిన పొడిని ఆ ముద్దలోనే కలిపేయడం మేలు కాదా? మన విజయవాడ ఎండకు నాలుగు రోజుల పని.

ఆటోనగర్_ప్లేటింగ్ (విజయవాడ) — సోమవారం, రాత్రి 10:40

మాస్టారూ, పొడి గాలికి లేవకుండా, కాకులు మూతి పెట్టకుండా వల కప్పితే అది జరగని పని కాదు, కానీ వాన ఒక్కటి పడితే డాబా గొట్టం తిన్నగా ఎక్కడికి పోతుందో చూడాలి. నేను మాత్రం ఆ నీటిని పారబోయను, ఆరబెట్టను; లేబుల్ అంటించి ఉంచి, వచ్చే ప్రాక్టికల్స్‌లో వచ్చే క్రోమియం వ్యర్థాన్ని పలచన చేయడానికి వాడుకుంటాను. గవర్నర్‌పేట వారు దీనికి ఒప్పుకోరని తెలుసు, 90 రోజుల లెక్క తీస్తారు.

గవర్నర్‌పేట_నిబంధనలు (విజయవాడ) — సోమవారం, రాత్రి 10:44

తీస్తాను.

బెంజ్‌సర్కిల్_కెమిస్ట్రీ (విజయవాడ) — మంగళవారం, ఉదయం 7:15

ప్రస్తుతానికి మూత పెట్టి, తేదీ వేసి టబ్‌లో ఉంచాను. బుధవారం కాలుష్య నియంత్రణ మండలి కార్యాలయానికి వెళ్లి రెండు సంగతులు అడుగుతాను: బడి పేరు మీద అనుమతి పత్రం కావాలా, అర కిలో కూడా లేని ముద్దను పరవాడ దాకా ఎవరి ద్వారా పంపాలి. అక్కడ ఏమన్నారో ఇక్కడే రాస్తాను. ఇకపై క్రోమైల్ క్లోరైడ్ పరీక్షను తరగతికి ఒకసారి నేనే చేసి చూపించి, పిల్లల చేత క్లోరైడుకు సిల్వర్ నైట్రేట్ పరీక్ష మాత్రమే చేయిద్దామని ఆలోచిస్తున్నాను. గొట్టం మాత్రం గుంత నుంచి విడిపోయింది, చివర క్యాను తగిలించి ఉంది.